భీమిలి వైపు సరుగుడు తోటలో స్కూలు క్రాస్ కంట్రీ: లాపులు, మార్షల్స్, ఫినిష్ ఎలా పెట్టాలి?

కొత్త_పీఈటీ_మధురవాడ
అందరికీ నమస్కారం. డిసెంబరు మొదటి వారంలో చుట్టుపక్కల కొన్ని బడులు కలిసి క్రాస్ కంట్రీ పెట్టుకుందాం అనుకున్నాయి. కోర్సు వేసే పని నా నెత్తిన పడింది. భీమిలి రోడ్డుకు లోపలగా ఒక బడి మైదానం, దాన్ని ఆనుకుని సరుగుడు తోట, కొంచెం ఎర్రమట్టి బాట ఉన్నాయి. తోట యజమాని సరే అన్నారు. అండర్ 12, 14, 17 పిల్లలు. ఒక్కో రేసుకు 50, 60 మంది రావచ్చు. నేను ట్రాక్ మీద పోటీలు నడిపాను గానీ ఇది కొత్త. ఎంత దూరం పెట్టాలి, ఎంతమంది మార్షల్స్ కావాలి, ఫినిష్ దగ్గర గందరగోళం లేకుండా ఎలా? తెలిసినవాళ్లు చెప్పండి.

బీచ్_రన్నర్_వైజాగ్
సార్, ఇంత కష్టం ఎందుకు? ఆర్కే బీచ్ రోడ్డులో పొద్దున్నే 5కే పెట్టేయండి. టీషర్టు, మెడల్, చిప్ టైమింగ్ అన్నీ చేసిపెట్టే ఏజెన్సీలు ఉన్నాయి. పిల్లలకీ సరదా, ఫొటోలు కూడా బాగా వస్తాయి.

కొత్త_పీఈటీ_మధురవాడ
రోడ్డు పరుగు కాదండీ, క్రాస్ కంట్రీ. మట్టి మీద, గడ్డి మీద పరిగెత్తించాలి. చిప్పులకి బడ్జెట్టూ లేదు.

బీచ్_రన్నర్_వైజాగ్
అయితే రోడ్డు వదిలేసి ఇసుకలో పెట్టండి. రుషికొండ దగ్గర తడి ఇసుక గట్టిగానే ఉంటుంది కదా.

పాత_స్టాప్‌వాచ్
ఇసుక ఆలోచన మానుకోండి. తడి ఇసుక గట్టిగా ఉన్నా అది సముద్రం వైపు వాలుగా ఉంటుంది. ఒక కాలు ఎత్తులో, ఒక కాలు పల్లంలో పడుతూ రెండు కిలోమీటర్లు పరిగెత్తితే మడమలు, మోకాళ్లు నొప్పెడతాయి. పొడి ఇసుకలో అయితే చిన్నపిల్లలు అడుగు కూడా వేయలేరు. అన్నిటికంటే ముఖ్యంగా, మన తీరంలో అలలు లోపలికి లాగేస్తాయి. పరుగు అయ్యాక చెమటతో ఉన్న 60 మంది పిల్లల్ని నీళ్లలోకి వెళ్లకుండా ఆపడం ఎవరి వల్లా కాదు.

మీ సరుగుడు తోట మంచి ఎంపికే. అయితే ముందు ఒక్క సంగతి చెప్పండి. తోటలో ఈ మధ్య కలప కొట్టారా?

కొత్త_పీఈటీ_మధురవాడ
ఒక పక్క కొట్టారు సార్. ఇంకో పక్క చెట్లు అలాగే ఉన్నాయి.

పాత_స్టాప్‌వాచ్
కొట్టిన పక్కకి పిల్లల్ని పంపొద్దు. సరుగుడు నరికాక నేలకి జానెడు ఎత్తులో మోళ్లు మిగులుతాయి. పైన రాలిన సన్నటి ఆకు పరుచుకుని ఉంటుంది కాబట్టి పైకి కనబడవు. ముందు పరిగెత్తేవాడు చూసుకుని దాటుతాడు, వాడి వెనక గుంపులో ఉన్నవాడికి ముందువాడి వీపు తప్ప ఏమీ కనబడదు. పడితే మోకాలి చిప్పే.

చెట్లు ఉన్న పక్కన కూడా బాట పొడవునా మూడు మీటర్ల వెడల్పున ఆ ఆకుని దంతెతో లాగించి చూడండి. కింద ఏముందో అప్పుడే తెలుస్తుంది. వేళ్లు, మోళ్లు ఉంటే సున్నం పూయించండి, తీయగలిగితే తీయించండి. తోట అంచున ముళ్ల కంచె, పొదల్లో గట్టు లేని నేలబావి ఉన్నాయేమో యజమానిని వెంటబెట్టుకుని నడిచి చూడండి. ఒంటరిగా నడిస్తే అవి దొరకవు, ఆయనకే తెలుసు. ఎర్రమట్టి బాటలో వాన కాలవలు కోసేసిన చోట్లుంటాయి. డిసెంబరు మొదటి వారం అంటే తుపాను రోజులు, ఈ వారం బాగున్న బాట వచ్చే వారం కోసుకుపోవచ్చు. కాబట్టి పోటీకి ముందు రోజు పొద్దున మళ్లీ నడవాల్సిందే.

గోస్తనీ_గట్టు
ఎర్రమట్టి అంటే గుర్తొచ్చింది. ఎవరైనా ఎర్రమట్టి దిబ్బల్లో పెట్టమంటారేమో, వద్దు. అది రక్షిత ప్రదేశం. పైగా ఆ గట్ల అంచులు కాలు వేస్తే జారిపోతాయి. మా బావమరిది కొడుకు షూటింగ్ చూడ్డానికెళ్లి అక్కడే జారాడు, నడుం పట్టేసింది.

పాత_స్టాప్‌వాచ్
సరిగ్గా చెప్పారు. ఇక కోర్సు ఆకారం. మైదానం పొడవు, తోటలో చుట్టుబాట పొడవు కొలిచారా? ఫోన్‌తో కాదు. చెట్ల కింద జీపీఎస్ అడ్డదిడ్డంగా గీస్తుంది. సైకిలు చక్రానికి ఒకచోట దారం కట్టి, ఒక చుట్టు ఎంతో టేపుతో కొలిచి, ఆ సైకిలు నడిపిస్తూ చుట్లు లెక్కపెట్టండి. బడి పిల్లల పోటీకి అది చాలు.

కొత్త_పీఈటీ_మధురవాడ
కొలిచాను సార్. మైదానం చివర నుంచి తోట మొదలు దాకా నేరుగా 300 మీటర్లు వచ్చింది. మోళ్లున్న పక్క తీసేస్తే తోటలో చుట్టు 1100. ఆ చుట్టు ముగిసే చోటు నుంచి ఫినిష్‌కి 100 మీటర్లు. మధ్యలో ఒక అడ్డబాట ఉంది, దాన్ని వాడితే చుట్టు 600 అవుతుంది.

పాత_స్టాప్‌వాచ్
ఇంతకంటే మంచి స్థలం దొరకదు. ఆ 300 మీటర్లు మీకు వరం. క్రాస్ కంట్రీలో ప్రమాదాలు ఎక్కువగా మొదటి నిమిషంలోనే జరుగుతాయి. 60 మంది ఒకే గీత నుంచి బయల్దేరి వెంటనే ఇరుకు బాటలో దూరాలంటే తొక్కిసలాటే. ముందు వెడల్పుగా, నేరుగా, మలుపు లేకుండా సాగితే, తోట మొదలు వచ్చేసరికి వాళ్లంతట వాళ్లే పొడవుగా విడిపోతారు. గీత వెడల్పు ఎంత వీలైతే అంత పెట్టండి. తోట ముఖం దగ్గర వెడల్పు ఒక్కసారిగా తగ్గకుండా చివరి 80 మీటర్లు గరాటులా నెమ్మదిగా సన్నబడేట్టు తాళ్లు కట్టండి.

దూరాలు ఇలా వస్తాయి. అండర్ 12కి చిన్న చుట్టు ఒకటి, అంటే మొత్తం 1000 మీటర్లు. అండర్ 14 బాలబాలికలకు పెద్ద చుట్టు ఒకటి, 1500. అండర్ 17 బాలికలకు రెండు చుట్లు, 2600. బాలురకు మూడు, 3700.

రాంబిల్లి_రాజు
ఇంత తక్కువా? జాతీయ పోటీల్లో అండర్ 18 బాలురకు 6 కిలోమీటర్లు, బాలికలకు 4 ఉంటుంది. పిల్లల్ని ఇంత తేలిక చేస్తే జిల్లాకెళ్లి ఏం చేస్తారు?

పాత_స్టాప్‌వాచ్
ఆ దూరాలు నిజమే, అథ్లెటిక్స్ ఫెడరేషన్ జాతీయ పోటీల్లో అవే. అదే పోటీలో అండర్ 16కి 2 కిలోమీటర్లే, అది కూడా చూడండి. పైగా అక్కడికొచ్చేది ఏడాది పొడవునా సాధన చేసినవాళ్లు. ఇక్కడ సగంమంది కబడ్డీ జట్టు నుంచీ, వాలీబాల్ జట్టు నుంచీ వస్తారు. వాళ్లు ఎక్కడా ఆగకుండా ముగించగలిగే దూరం కావాలి. అసలు పరిగెత్తేవాడికి 3700 మీటర్ల తోటబాట తక్కువేమీ కాదు.

రాంబిల్లి_రాజు
నాకింకా తక్కువగానే ఉంది. మా కాలంలో చెప్పుల్లేకుండా పదేసి కిలోమీటర్లు పరిగెత్తేవాళ్లం.

సరుగుడు_నీడ
రాజు గారూ, మీ కాలంలో పడ్డవాళ్ల గురించి ఎవరూ రాయలేదు లెండి.

నా ప్రశ్న వేరే. అండర్ 17 బాలురు మూడు చుట్లు అంటున్నారు. చుట్టు ముగిసే చోటే ఫినిష్‌కి దారి చీలుతుంది. వెనకబడ్డవాడు రెండో చుట్టు అవ్వగానే ఫినిష్‌కి వెళ్లిపోతే?

పాత_స్టాప్‌వాచ్
అడగాల్సిన ప్రశ్న అడిగారు. లెక్క వేసి చూపిస్తాను. ముందువాడు కిలోమీటరుకు 4 నిమిషాలు అనుకోండి, వెనకవాడు 7 నిమిషాలు. ముందువాడు రెండు చుట్లు ముగించి చీలిక దగ్గరికి వచ్చేది పదో నిమిషంలో. వెనకవాడు మొదటి చుట్టు ముగించేదీ దాదాపు అప్పుడే, 9 నిమిషాల 48 సెకన్లకి. ఇద్దరూ పక్కపక్కనే వస్తారు, ఒకడికి ఒక చుట్టు మిగిలింది, ఇంకొకడికి రెండు. అసలు ఇబ్బంది తర్వాత. వెనకవాడు రెండో చుట్టు ముగించేది పదిహేడున్నర నిమిషాలకి. ఇంచుమించు ఆ సమయానికే మధ్య గుంపు, అంటే కిలోమీటరుకు 5 నిమిషాలవాళ్లు, మూడో చుట్టు ముగించి ఫినిష్‌కి మళ్లుతూ ఉంటారు. ఆ గుంపు మధ్యలో వాడొక్కడే ఇంకో చుట్టు తిరగాలి. మార్షల్‌కి మొహాలు గుర్తుండవు. పిల్లవాడికి అలసటలో తన చుట్టు ఎన్నోదో గుర్తుండదు.

అందుకే ప్రతి చుట్టు చివర చేతికో రబ్బరు బ్యాండు ఇవ్వడం నేను చూసినవాటిలో గట్టి పద్ధతి. జడకి పెట్టుకునే గుడ్డ బ్యాండు మేలు, పట్టుకోవడం సులువు. చీలిక దాటాక, మళ్లీ తోటలోకి వెళ్లే దారిలో ఇద్దరు నిలబడి చేయి చాచి పట్టుకుంటారు, పరిగెత్తేవాడు లాక్కుని మణికట్టుకి వేసుకుంటాడు. రెండు బ్యాండ్లున్నవాడు మూడోసారి రాగానే ఫినిష్‌కి, లేనివాడు మళ్లీ తోటలోకి. బాలికలకు ఒక్క బ్యాండు. చీలిక దగ్గర మీ దగ్గరున్న గట్టి మనిషిని పెట్టండి, గొంతు ఉన్నవాళ్లని. ఫినిష్ దారికి అడ్డంగా ఒక తాడు ఉండాలి, మొదటివాడు రెండు బ్యాండ్లతో వచ్చేదాకా అది తెరుచుకోకూడదు.

ఒక రేసు పూర్తిగా ముగిసి లెక్క సరిపోయాకే ఇంకో రేసు వదలండి. సమయం ఆదా అవుతుందని రెండు రేసులు కలిపితే ఏ బ్యాండూ కాపాడదు.

సరుగుడు_నీడ
బ్యాండు కింద పడేసుకుంటే?

పాత_స్టాప్‌వాచ్
బ్యాండు ఇచ్చేవాళ్ల వెనక ఒకరు కూర్చుని ఏ నంబరు ఎన్నోసారి దాటిందో రాసుకోవాలి. తగాదా వస్తే ఆ కాగితమే మాట్లాడుతుంది. అందరి నంబర్లూ అందకపోయినా వెనకబడ్డ పదిమందివి అందితే చాలు, గొడవ వాళ్లతోనే.

పెందుర్తి_కోచ్
నాకు బ్యాండ్లు నచ్చవు. పిల్లలు లయ తప్పుతారు, లాక్కునేటప్పుడు ఆగుతారు. చుట్టు పొడవు పెంచి చుట్లు తగ్గించడమే మేలు. పక్కన జీడితోట ఏమైనా ఉందా? అది కలిపితే చుట్టు 1700 అవుతుందనుకుంటే రెండు చుట్లకే 3800 వచ్చేస్తుంది. అంత చుట్టులో ముందువాడు వెనకవాడిని దాటడం కూడా తక్కువే.

కొత్త_పీఈటీ_మధురవాడ
జీడితోట ఉంది, కానీ ఆ రైతుతో ఇంకా మాట్లాడలేదు. ఆయన కొంచెం కోపిష్టి అని విన్నాను.

పాత_స్టాప్‌వాచ్
కోచ్ గారి మాటలో న్యాయం ఉంది. దొరికితే అదే చేయండి. కాకపోతే జీడి కొమ్మలు నడుం ఎత్తులో వంగి ఉంటాయి, తల తగలకుండా కొట్టించుకోవాలి. దానికి రైతు ఒప్పుకోవాలి. ఇంకో మాట, చుట్టు పెరిగితే మార్షల్స్ కూడా పెరుగుతారు.

ఇద్దరి_అమ్మ
నేను పీఈటీని కాదు, తల్లిని. మా పాపకి ఉబ్బసం. పోయినేడాది వాళ్ల బడి ఇలాంటి పరుగే పెట్టింది. చెట్ల మధ్య ఊపిరాడక కూర్చుండిపోయింది. అక్కడ నిలబడాల్సిన సార్, ముందువాళ్లు దాటేశారని ఫినిష్ చూడ్డానికి వెళ్లిపోయారట. వెనకొచ్చే పిల్లలే మోసుకొచ్చారు. ఇన్‌హేలర్ ఏమో నా బ్యాగులో, నేను ఫినిష్ దగ్గర. మీరైనా దయచేసి ఇది చూసుకోండి.

పాత_స్టాప్‌వాచ్
అమ్మా, ఇది చాలాచోట్ల జరుగుతుంది. మార్షల్‌కి చెప్పాల్సిన మొదటి మాట ఇదే: మొదటివాడు దాటితే నీ పని మొదలైంది, అయిపోలేదు. చివరివాడి వెనక ఒక పెద్దవాళ్లు పసుపు గుడ్డ కట్టుకుని నెమ్మదిగా వస్తారు. ఆ పసుపు గుడ్డ మనిషి వచ్చి "పద" అనేదాకా మార్షల్ చోటు కదలకూడదు. ఆ మనిషి దారిలో మార్షల్స్ అందర్నీ కూడగట్టుకుంటూ వస్తారు. అప్పుడు తోటలో ఎవరూ మిగల్లేదని ఖాయంగా తెలుస్తుంది.

మూడు చుట్ల రేసులో ఆ మనిషి చివరి పిల్లవాడితోనే మూడు చుట్లూ తిరగాలి. మార్షల్స్‌ని కూడగట్టేది ఆఖరి చుట్టులోనే.

ఎంతమంది కావాలంటే సంఖ్య చెప్పడం కుదరదు. ఒక మార్షల్‌కి తర్వాతి మార్షల్ కనబడాలి, అదొక్కటే సూత్రం. మీ 1100 మీటర్ల చుట్టులో తొమ్మిది, పది వస్తుందేమో. సరుగుడు గుబురుగా ఉంటే ఇంకా ఎక్కువ. మలుపు దగ్గర బయటి పక్కన నిలబడాలి, లోపలి పక్కన నిలబడితే పిల్లలు మనిషినే గుద్దుకుంటారు. ప్రతి చోటుకీ ఒక నంబరు ఇచ్చి చెట్టుకి అట్ట కట్టండి. "5వ పోస్టు దగ్గర పాప పడింది" అంటే అందరికీ అర్థమవుతుంది, "ఆ పెద్ద చెట్టు దాటాక" అంటే ఎవరికీ అర్థం కాదు. విజిల్ మూడుసార్లు ఆపి ఆపి ఊదితే సహాయం కావాలని. పడినవాడి దగ్గర ఆ మార్షల్ ఉంటాడు, విజిల్ విన్న పక్క మార్షల్ ఫోన్ చేస్తాడు. ఇద్దరూ చోటు వదిలి పరిగెత్తొద్దు.

ఉబ్బసం పిల్లల నంబరు కాగితాలకు మూలన ఎర్రగా చుక్క పెట్టించి, ఇన్‌హేలర్ తోటలో మధ్య పోస్టు దగ్గర పేరు రాసిన కవర్లో ఉంచండి. కవర్ ఇచ్చిన తల్లికి ఎక్కడుందో చూపించండి.

ఇద్దరి_అమ్మ
ఆ కవర్ మాట బాగుంది. నేను మా పాప బడికి చెప్తాను.

డ్యూటీ_నర్సు
వేడి సంగతి ఎవరూ అనలేదు. డిసెంబరు కదా అనుకుంటారు, కానీ మన దగ్గర ఉక్క తగ్గదు. పిల్ల తూలుతూ, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్తూ, ఒళ్లు కాలిపోతుంటే అది అలసట కాదు. 108కి ఫోన్ చేయండి, కానీ బండి వచ్చేదాకా ఊరికే గొడుగు పట్టుకుని కూర్చోవద్దు. టార్పాలిన్ మీద పడుకోబెట్టి, అంచులు నలుగురూ పైకెత్తి, మధ్యలో ఐసు నీళ్లు పోయండి. ముందు చల్లార్చాలి, తరలించడం తర్వాత. స్పృహ సరిగ్గా లేనప్పుడు నోట్లో నీళ్లు పోయొద్దు. టార్పాలిన్, రెండు ఐసు పెట్టెలు ఫినిష్ దగ్గర ముందే సిద్ధంగా ఉండాలి.

108 బండి ఎక్కడిదాకా రాగలదో కూడా చూశారా? ఇసుకబాటలో దిగబడితే తోసుకోవాలి.

కొత్త_పీఈటీ_మధురవాడ
మైదానం దాకా సిమెంటు రోడ్డు ఉంది మేడమ్. తోట వెనక మాత్రం ట్రాక్టరు బాటే.

రేసుల వరుస ఎలా పెట్టాలి? చిన్నపిల్లలు ముందా?

పాత_స్టాప్‌వాచ్
అందరూ చిన్నపిల్లల్ని ముందు వదులుతారు. నేనైతే పొడవైన రేసు ముందు పెడతాను, ఎండ ఎక్కకముందే అండర్ 17 బాలురు అయిపోవాలి. తెల్లారి తోటలో నేల కనబడేంత వెలుతురు వచ్చాక, ఆరున్నర దాటాక మొదలుపెట్టండి.

పెందుర్తి_కోచ్
అలా అయితే పదేళ్ల పిల్లలు ఎనిమిదిన్నర దాకా ఆకలితో కూర్చుంటారు. వాళ్లకి కిలోమీటరే, ముందు వదిలి ఇంటికి పంపడం మేలు.

కొత్త_పీఈటీ_మధురవాడ
ఇది మా హెచ్‌ఎం గారినే అడగాలి. ఫినిష్ గురించి చెప్పండి సార్, నా అసలు టెన్షన్ అదే.

రాంబిల్లి_రాజు
ఫినిష్‌లో ఏముంది? గీత దగ్గర ఇద్దరు నిలబడి వరుసగా నంబర్లు రాసుకోవడమే. జట్టు పాయింట్లేమో ఫస్టు వచ్చినవాడికి ఎక్కువ, తర్వాతవాళ్లకి తగ్గిస్తూ ఇవ్వాలి.

పాత_స్టాప్‌వాచ్
పాయింట్లు తిరగేశారు రాజు గారూ. వచ్చిన స్థానమే పాయింటు. మామూలుగా జట్టులో ఆరుగురు పరిగెత్తితే మొదటి నలుగురి స్థానాలు కూడతారు, మొత్తం తక్కువ వచ్చిన జట్టు గెలుస్తుంది. అందుకే 23వ స్థానమా 24వదా అన్నది కూడా ముఖ్యమే. ఐదుగురు ఒక్కసారి వచ్చిపడితే గీత దగ్గర నిలబడి రాసే చేయి ఎంత వేగంగా కదిలినా తప్పుతుంది.

కాబట్టి రాసే పనిని గీత నుంచి దూరం జరపాలి. గీత దాటాక తాళ్లతో సందు కట్టండి. మొదట వెడల్పుగా మొదలై, తర్వాత 70, 80 సెంటీమీటర్లకి సన్నబడాలి. అంటే ఒకరి వెనక ఒకరే నడవగలరు, దాటడం కుదరదు. పొడవు 35, 40 మీటర్లు. గీత దాటిన వరుసలోనే పిల్లలు ఆ సందులో నడుస్తూ చివరికి వస్తారు. అక్కడ తొందర లేకుండా స్థానం చీటీ చేతిలో పెట్టి, నంబరు రాసుకుంటారు. 60 మందికి అలాంటివి రెండు పక్కపక్కన కట్టండి. మొదటిది నిండగానే తాడు జరిపి రెండోదాంట్లోకి మళ్లించాలి. మొదటి సందులో ఆఖరి పిల్ల చీటీ తీసుకున్నాకే రెండో సందుకి చీటీలు మొదలవ్వాలి.

సందులో ఎవరైనా కూలబడితే పక్కనుంచి తాడు ఎత్తి బయటికి తీసి, ఆ పిల్ల నంబరు కాగితం చేతిలో పట్టుకుని ఒక పెద్దవాళ్లు ఆమె స్థానంలో నడవాలి. లేదంటే వెనకున్న అందరి స్థానాలూ ఒకటి జరిగిపోతాయి.

సరుగుడు_నీడ
అయినా తప్పు జరిగితే ఎలా కనిపెట్టాలి?

పాత_స్టాప్‌వాచ్
మూడు కాగితాలు ఉండాలి. బయల్దేరే ముందు గీత దగ్గర తలలు లెక్కపెట్టిన కాగితం. గీత దగ్గర స్టాప్‌వాచ్ మనిషి సమయాలు చెప్తుంటే ఇంకొకరు రాసే కాగితం. సందు చివర చీటీల కాగితం. గీత దగ్గర మూడో మనిషి ప్రతి పదోవాడి నంబరు గట్టిగా అరుస్తాడు, సమయాలు రాసేవాడు ఆ వరుస పక్కన వేసుకుంటాడు.

ఒక పోటీలో ఇలా జరిగింది. పదో సమయం పక్కన ఉన్న నంబరు, పదో చీటీ నంబరు ఒకటే. ఇరవయ్యో సమయం పక్కన 213 అని ఉంది, కానీ 213 అమ్మాయి చేతిలో 19వ చీటీ ఉంది. అంటే పదికీ ఇరవైకీ మధ్య గీత దాటిన ఒకమ్మాయి చీటీ దాకా రాలేదు. మొత్తం జాబితా వెతకక్కర్లేదు, ఆ తొమ్మిదిమంది మధ్యే వెతకాలి. గీతకి పక్కగా స్టాండు మీద పెట్టిన ఫోన్ వీడియో చూస్తే తేలిపోయింది. ఆ అమ్మాయి తాడు కింద నుంచి దూరి నీళ్ల డ్రమ్ము దగ్గరికెళ్లింది. అందుకే నీళ్లు సందు చివర దాటాకే పెట్టండి, పక్కన కనబడేలా పెడితే ఎవరు ఆగుతారు?

తలల లెక్క మాత్రం ఫలితాల కోసం కాదు. 57 మంది బయల్దేరితే, వచ్చినవాళ్లూ మధ్యలో ఆగి మార్షల్‌తో ఉన్నవాళ్లూ కలిపి 57 రావాలి. ఒక్కరు తక్కువైనా తర్వాతి రేసు వదలొద్దు, మార్షల్స్‌ని దింపొద్దు.

గోస్తనీ_గట్టు
ఏటండీ, నీళ్ల డ్రమ్ము ఇంత పని చేసిందా!

కొత్త_పీఈటీ_మధురవాడ
సార్, ప్రింటు తీసుకున్నాను. బాట గుర్తులు ముగ్గుపిండితో వేస్తే సరిపోతుందా?

పాత_స్టాప్‌వాచ్
ఎర్రమట్టి మీద బాగా కనబడుతుంది. సరుగుడు ఆకు మీద, ఇసుక మీద కలిసిపోతుంది, అక్కడ కర్రలకి రిబ్బన్లు కట్టండి. జెండాలు పెడితే ఎరుపు పరిగెత్తేవాడికి ఎడమన, తెలుపు కుడిన. పాత అలవాటు, ఇప్పటికీ పనికొస్తుంది. ముందు రోజు సాయంత్రం కడితే రాత్రి మేకలు, పిల్లలు పీకేస్తారు. పొద్దున ఇంకోసారి చుట్టు తిరగండి.

కొత్త_పీఈటీ_మధురవాడ
ఆదివారం జీడితోట రైతు దగ్గరికి వెళ్తున్నాను. ఒప్పుకుంటే 1700 చుట్టు, లేకపోతే బ్యాండ్లు.

పెందుర్తి_కోచ్
వెళ్లేటప్పుడు హెచ్‌ఎం గారిని తీసుకెళ్లండి. ఆయన కూడా రైతే కదా అని విన్నాను, మాట కలుస్తుంది.

రాంబిల్లి_రాజు
అండర్ 17కి 3800 కూడా తక్కువే అంటాను నేను.